నా పేరు కొడితే వచ్చిన సుజాతలు

మా టీమును మూసేస్తున్నట్టు మెయిలు వచ్చిన వారానికి ఒక ఎక్సెల్ షీటు తెరిచి పాత సహోద్యోగుల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాను. పదహారేళ్లు, మూడు కంపెనీలు, అరవై రెండు పేర్లు తేలాయి. రోజుకు నలుగురైదుగురికి మెసేజీ పెడితే రెండు వారాల్లో పని అయిపోతుంది, సగం మంది జవాబిచ్చినా చాలనుకున్నాను. మొదటి మెసేజీ పెట్టే ముందు, ఒకప్పుడు నా దగ్గర పనిచేసి తర్వాత రిక్రూటింగ్ వైపు వెళ్లిపోయిన ఒక కుర్రాడికి ఫోన్ చేశాను. అంతా విని, "అక్కా, ముందు మీ పేరు మీరే ఒకసారి కొట్టి చూసుకోండి. మీ మెసేజీ చూడగానే అవతలివాళ్లు చేసే మొదటి పని అదే. పాతవన్నీ తీసేయండి, ఫేస్‌బుక్ అయితే మొత్తం లేపేయండి," అన్నాడు.

మొదటి సగం పాటించాను. రెండో సగం గురించి మూడు వారాలుగా వాడితోనూ, నాతో నేనూ వాదించుకుంటూనే ఉన్నాను. నా వైపు వాదన ముందే చెప్పేస్తాను. పాత పోస్టులు తుడవడానికి కూర్చుని మనం ఖర్చుపెట్టే గంటల్లో చాలా భాగం దండగ. కొత్తవాళ్లకు మన గురించి దొరికే చెత్తలో ఎక్కువ భాగం మనం రాసింది కాదు, అసలు మనదే కాదు. తెలుగువాళ్ల పేర్లతో ఈ తిప్పలు మరీ ఎక్కువ. తుడవాల్సినవి కొన్ని ఉన్న మాట నిజమే గానీ, వాటిని పట్టుకోవడానికి మనకు కలిగే సిగ్గు పెద్దగా పనికిరాదు.

మా మరిది ఫోన్లో

మొదట నా లాప్‌టాప్‌లోనే వెతికాను. నా లింక్డిన్ మొదటి స్థానంలో ఉంది, భలే అనుకున్నాను. తర్వాత వెలిగింది, నేను లాగిన్ అయి ఉన్నాను, ఆ లింకు వందసార్లు నొక్కిన మనిషిని నేనే. ఇన్‌కాగ్నిటోలో చూస్తే వరస కొంచెం మారింది. అయినా అది మా ఇంటి ఇంటర్నెట్టు, హైదరాబాద్ లొకేషను. ఇన్‌కాగ్నిటో మన చరిత్రను పక్కన పెడుతుంది తప్ప మనం ఎక్కడున్నామో దాచదు. అందుకని బెంగళూరులో ఉన్న మా మరిదికి ఫోన్ చేసి, "నా పేరు, పక్కన టెక్నికల్ రైటర్ అని కొట్టి మొదటి పేజీ స్క్రీన్‌షాట్ పంపు," అన్నాను. ఎందుకని అడక్కుండా పంపాడు, మంచివాడు.

మొదటిది ఒక గైనకాలజిస్టు, ఐదుకు నాలుగున్నర స్టార్లు. రెండోది ఒక డిగ్రీ కాలేజీ లెక్చరర్. మూడోది ఏదో చెక్ బౌన్స్ కేసు తీర్పు, అందులో ముద్దాయి పేరు అచ్చం నాదే. నాలుగోది నేను చదువుకున్న కాలేజీ వాళ్లు ఎప్పుడో పెట్టిన పూర్వ విద్యార్థుల పీడీఎఫ్. అందులో నా పేరు, మా నాన్నగారి పేరు, అప్పటి ఇంటి అడ్రసు, ఇప్పటికీ నేను వాడుతున్న ఫోన్ నంబరు ఉన్నాయి. ఐదోది నా లింక్డిన్, కిందటి కంపెనీ పేరుతో.

సిగ్గుపడాల్సిన నా పోస్టు ఒక్కటీ మొదటి పేజీలో లేదు. అంతకుముందు రాత్రి పన్నెండు దాకా కూర్చుని నేను తీసేసినవి ఏమిటనుకున్నారు? 2010లో బావర్చి బిర్యానీ మీద పెట్టిన స్టేటస్సులు, ఫార్మ్‌విల్‌లో ఆవు కోసం జనాన్ని అడుక్కున్నవి.

K సుజాత, సుజాత K, సుజాత V

నా పేరు సుజాత. పుట్టింటి ఇంటిపేరు K తో, అత్తింటిది V తో మొదలవుతాయి, అంతకు మించి ఇక్కడ రాయను. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పేరు వెనక. మొదటి ఆఫీసులో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు ఇచ్చేసరికి తిరగేసి రాశాను. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయాల్సి వచ్చింది. పెళ్లయ్యాక ఆఫీసు మెయిల్లో V చేరింది, బ్యాంకులో K అలాగే ఉంది. ఇది చాలదన్నట్టు, మనం 'త'ను th అని రాస్తాం, ఉత్తరాదివాళ్లు t అని రాస్తారు. పుణేలో ఉన్న మా పాత హెచ్ఆర్ నన్ను సర్టిఫికెట్ మీద Sujata అని రాసింది, ఒక కాన్ఫరెన్స్ పేజీలో కూడా అలాగే పడింది.

షీటులో రాసుకుంటే నా పేరు పదకొండు రకాలుగా తేలింది. పదకొండూ విడివిడిగా, కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతికాను. కొటేషన్ గుర్తులు లేకపోతే గూగుల్ తనకు తోచిన స్పెల్లింగులన్నీ కలిపేస్తుంది. ఉంటే మాటలు అదే వరసలో ఉన్న పేజీలే చూపిస్తుంది, కాబట్టి ముందు ఇంటిపేరు పెట్టిందీ వెనక పెట్టిందీ రెండు వేరు వేరు వెతుకులాటలు. డాక్టరుగారిని తప్పించడానికి మైనస్ గుర్తు పెట్టాను. నా షీటులో రెండు వరసలు ఇవి:

```
"K Sujatha" -doctor -gynaecologist
"Sujatha V" "technical writer" Hyderabad
```

పన్నెండోసారి తెలుగు లిపిలో వెతికాను. అక్కడ పూర్తిగా వేరే ప్రపంచం బయటపడింది, దాని సంగతి తర్వాత చెప్తాను.

పేర్ల గురించి ఇంత సాగదీయడానికి కారణం ఉంది. ఆరేళ్ల కిందట నేనే ఒక ఇంటర్వ్యూ ప్యానెల్లో ఉన్నాను. ఒక అబ్బాయి రాతపరీక్ష బాగా రాశాడు. మాతో పాటు ప్యానెల్లో ఉన్నాయన లంచ్‌లో ఫోన్ తీసి, "ఇతని ఫేస్‌బుక్ చూశారా?" అని చూపించాడు. ఆడవాళ్ల మీద చదవడానికి వీల్లేని రాతలు. ఆ అబ్బాయికి ఉద్యోగం ఇవ్వలేదు. కాగితం మీద మేం రాసిన కారణం 'కమ్యూనికేషన్'. నెలన్నర తర్వాత అదే అబ్బాయి లింక్డిన్‌లో నాకు రిక్వెస్టు పెడితే ఫొటో పెద్దది చేసి చూశాను. ఆ ఫేస్‌బుక్ మనిషి ఇతను కాదు. పేరొకటే, ఊరొకటే, ఇంటిపేరు తాలూకు మొదటి అక్షరం కూడా ఒకటే. అప్పటికే ఆ సీటు నిండిపోయింది. రిక్వెస్టు యాక్సెప్ట్ చేశాను తప్ప అతనికి ఏమీ చెప్పలేదు, ఈ రోజు దాకా.

ఆ అబ్బాయి తన ఫేస్‌బుక్‌ను ఎంత కడిగినా ఆ రోజు మా నిర్ణయం మారేది కాదు. ఇంకా చెప్పాలంటే, ఒకవేళ అతను శుభ్రత కోసం తన అకౌంటు తీసేసి ఉంటే ఆ పేరుకి మిగిలేది ఆ రెండోవాడే. మా రిక్రూటర్ కుర్రాడు ఇచ్చే 'మొత్తం లేపేయండి' సలహాతో నా గొడవ ఇదే. మనం ఖాళీ చేసిన చోటు ఖాళీగా ఉండదు, అదే పేరున్న ఇంకొకరు వచ్చి కూర్చుంటారు.

కాబట్టి నేను మొదట చేసింది తీసేయడం కాదు, కలపడం. రెజ్యూమే, లింక్డిన్, మెయిలు సంతకం, నా పని నమూనాలు పెట్టుకున్న పేజీ, నాలుగింటిలో ఒకే పేరు ఒకే వరసలో ఒకే స్పెల్లింగుతో పెట్టాను. పుట్టింటి ఇంటిపేరుతో పనిచేసిన ఏడేళ్లు గాలికి పోకుండా లింక్డిన్‌లో పాత పేరు గడిలో అది కూడా చేర్చాను. నాలుగు చోట్లా ఒకే ఫొటో పెట్టాను, ఎందుకంటే మనిషి కన్ను పేరు కన్నా ముందు మొహాన్ని పోలుస్తుంది, ఆ అబ్బాయి విషయంలో నేను చివరికి పట్టుకున్నది ఫొటోతోనే కదా. లింక్డిన్ పరిచయంలో మొదటి వాక్యం 'సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్, హైదరాబాద్, పదహారేళ్లు' అని పొడిగా ఉంటుంది. ముప్పావు గంట పని. మూడు వారాల తర్వాత మా మరిదితో మళ్లీ కొట్టిస్తే లింక్డిన్ రెండో స్థానానికి వచ్చింది. డాక్టరుగారు మాత్రం కదల్లేదు, ఆవిణ్ణి దాటడం నా వల్ల అయ్యే పని కాదు.

చెక్ బౌన్స్ సుజాత గారి విషయంలో చేయగలిగింది ఏమీ లేదు. అది కోర్టు కాగితం, ఆవిడది, నిజమైనది. 'నేను ఆవిడను కాదు' అని ఎక్కడైనా రాసుకుంటే రెండు పేర్లనూ నేనే ముడేసినట్టు అవుతుంది.

నంబరుతో వెతికేవాళ్లు

పీడీఎఫ్ గురించి కాలేజీకి రెండు మెయిళ్లు రాశాను, జవాబు లేదు. ఈలోపు గూగుల్‌కే నేరుగా పెట్టుకున్నాను. ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, మెయిల్ ఐడీ లాంటివి సెర్చి ఫలితాల్లోంచి తీసేయమని అడిగే ఫారం 2022 ఏప్రిల్ నుంచి అందరికీ ఉంది. పేజీ లింకు ఇవ్వాలి, ఏ నంబరు కనిపిస్తోందో చెప్పాలి, స్క్రీన్‌షాట్ పెట్టాలి. కొన్ని రోజులకు ఒప్పుకున్నారు. అయితే ఇక్కడొక తిరకాసు ఉంది. గూగుల్ తన ఫలితాల్లోంచి తీస్తుంది, పీడీఎఫ్ కాలేజీ సైట్లో అలాగే ఉంటుంది, నేరుగా లింకు ఉన్నవాళ్లకి తెరుచుకుంటుంది. చివరికి అక్కడ లెక్చరర్‌గా ఉన్న నా క్లాస్‌మేట్ వెళ్లి ఎవరితోనో మాట్లాడితే పీడీఎఫ్ పోయింది. మూడొందల మంది నంబర్లు దానితో పాటే పోయాయి, వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

పేజీ పోయాక కూడా గూగుల్లో ఆ పాత రెండు లైన్లు కొన్నాళ్లు వేలాడుతుంటాయి. వాటికి వేరే పనిముట్టు ఉంది, కాలం చెల్లిన సమాచారాన్ని తాజా పరచమని అడిగేది. మన సైటు కాకపోయినా అడగొచ్చు. పేజీ పూర్తిగా పోతే లింకు ఇస్తే చాలు. పేజీ ఉండి మాట మాత్రం మారితే, ఫలితంలో ఇంకా కనిపిస్తూ పేజీలో ఇప్పుడు లేని మాట ఏదో టైపు చేయమంటుంది. చాలామంది ఇక్కడే తప్పుతారు. అసలు పేజీ మారకముందే అడిగి, తిరస్కరిస్తే గూగుల్‌ని తిట్టుకుంటారు. ముందు మూలంలో పోవాలి, తర్వాతే అద్దంలో పోతుంది.

మన దగ్గర కొత్తవాళ్లు పేరుతో కన్నా నంబరుతోనే ఎక్కువ వెతుకుతారేమో అని నా అనుమానం. రెజ్యూమేలో నంబరు ఉంటుంది, ఫోన్ చేయబోయేవాడి దగ్గర ట్రూకాలర్ ఉంటుంది. నా నంబరు ట్రూకాలర్‌లో ఎలా ఉందో మా వాచ్‌మన్ ఫోన్లో చూశాను: Sujatha Maintenance. రెండేళ్లు అపార్ట్‌మెంట్ ట్రెజరర్‌గా చేసిన పుణ్యం. నలభై ఫ్లాట్లవాళ్లు నన్ను అలా సేవ్ చేసుకున్నారు. నాకు ఆ యాప్ లేదు కాబట్టి నా పేరు నా చేతిలో లేదు, ఇతరులు పెట్టుకున్నదే చెల్లింది. వాళ్ల వెబ్‌సైటులో అన్‌లిస్టింగ్ పేజీ ఉంది, నంబరు ఇస్తే తీసేస్తారు. యాప్ వాడుతున్నవాళ్లయితే ముందు అకౌంటు డీయాక్టివేట్ చేయాలి. మావారు మాత్రం, "ఉంచు, ఉద్యోగం రాకపోతే అదైనా చేసుకోవచ్చు," అన్నారు.

2014 ఫిబ్రవరి

ఇక ఫేస్‌బుక్. ఇక్కడ నా వాదనకే కొంచెం ఇబ్బంది ఉంది.

మనలో చాలామంది అకౌంట్లు తెరిచిన రోజుల్లో పోస్టు దానంతట అదే 'పబ్లిక్'గా వెళ్లేది. కొత్తగా చేరేవాళ్లకు అది 'ఫ్రెండ్స్'గా మారింది 2014 మేలో. అంటే రాష్ట్ర విభజన బిల్లు లోక్‌సభలో గట్టెక్కిన ఆ ఫిబ్రవరి నాటికి, సెట్టింగు ముట్టుకోని ప్రతివాళ్ల రాతలూ ఊరందరికీ తెరిచే ఉన్నాయి. ఆ ఏడెనిమిది నెలలు మనం ఏమేం రాసుకున్నామో గుర్తుందా? నేను ఏ వైపో చెప్పను, ఈ పోస్టుకు అది అనవసరం, రెండు వైపులా అదే భాష. బిల్లు వచ్చిన వారంలో నేను నాలుగు వాక్యాలు రాశాను. మూడు రాజకీయం. నాలుగోది అవతలి ప్రాంతం మనుషుల బుద్ధి గురించి. మళ్లీ ఇక్కడ రాయలేను. నూట పద్నాలుగు లైకులు వచ్చాయి.

దాని కింద, అప్పట్లో నా పక్క సీటులో కూర్చునే అమ్మాయి, అవతలి ప్రాంతం అమ్మాయి, ఒక కామెంటు రాసింది. పొడుగ్గా, తిట్టకుండా. వాళ్ల నాన్న ఏ ఊళ్లో ఏ పని చేసేవారో, రోజూ ఒకే డబ్బాలోంచి అన్నం తింటూ నేనిలా ఎలా అనుకోగలిగానో అని. చివర్లో, 'రేపు ఆఫీసులో మామూలుగానే ఉందాం, కానీ నేనిది చదివానని నీకు తెలియాలి' అని. మర్నాడు మామూలుగానే ఉన్నాం. నేను ఆ విషయం ఎత్తలేదు. అవతలి ప్రాంతం వాళ్లు అనే మాట మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ రాయలేదు.

ఇప్పుడు ఏం చేయాలి? పోస్టు తీసేస్తే ఆ కామెంటు కూడా పోతుంది. నా డేటా మొత్తం డౌన్‌లోడ్ చేసి చూశాను. అందులో నా నాలుగు వాక్యాలు భద్రంగా ఉన్నాయి, తను రాసింది లేదు, అది తన డేటా కాబట్టి. నా పోస్టును దిద్దితే దిద్దుబాటు చరిత్ర అని ఒకటి ఉంటుంది, పోస్టు చూడగలిగే ఎవరైనా పాతది తెరిచి చదవొచ్చు. ఆర్కైవ్‌లో పెడితే నాకు తప్ప ఎవరికీ కనిపించదు, కామెంట్లతో సహా ఉంటుంది. మా కుర్రాడు, "అక్కా, దీనికింత ఆలోచనా? డిలీట్ కొడితే ముప్పై రోజులు ట్రాష్‌లో ఉంటుంది, అప్పటికి మర్చిపోతారు," అన్నాడు. వాడికి అప్పుడు పదహారేళ్లు, వాడి తప్పు లేదు.

అన్నీ ఒక్కసారి దాచేసే మీట కూడా ఉంది, 'లిమిట్ పాస్ట్ పోస్ట్స్'. నొక్కితే పబ్లిక్‌గా ఉన్న పాత పోస్టులన్నీ ఫ్రెండ్స్‌కి మాత్రమే అయిపోతాయి. ఒక్క నొక్కుతో వెనక్కి తేలేం, కావాలంటే ఒక్కొక్కటీ మార్చుకోవాలి. నేను నొక్కాను. నొక్కాక దిలాసాగా పడుకున్నాను గానీ, తెల్లారి మరిదితో నా పేరు, ఒక పాత న్యూస్ చానల్ పేరు కలిపి కొట్టిస్తే నా కామెంట్లు మూడు వచ్చాయి. ఆ మీట మన గోడ మీదవాటికే. ఇతరుల పబ్లిక్ పేజీల కింద మనం రాసినవి, ఇతరులు మనల్ని ట్యాగ్ చేసినవి దాని పరిధిలోకి రావు. యాక్టివిటీ లాగ్‌లో కామెంట్లు అని వడపోసి, సంవత్సరం ఎంచుకుని, ఒక్కొక్కటే చూసుకోవాలి. 2013, 2014 రెండేళ్లకి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. అందులో నేను తీసింది పదిహేడు.

ఆ పదిహేడూ ఎలా ఎంచానంటే, రాజకీయ నాయకుల్ని తిట్టినవి ఉంచాను. ఒక హీరో సినిమాని చెత్త అన్నది ఉంచాను, ఇప్పటికీ చెత్తే. తప్పని తేలిన నా జోస్యాలు ఉంచాను. మనుషుల్ని గంపగుత్తగా, పుట్టిన ఊరిని బట్టి, కులాన్ని బట్టి, యాసను బట్టి అన్నవి తీసేశాను. చదివేవాళ్లలో ఆ గంపలో ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లకి నా రెజ్యూమే కన్నా ముందు అది తగులుతుంది, అలా తగలకూడదు. 'అప్పటి కాలం అలాంటిది' అని నేను అనుకోవచ్చు గానీ, వాళ్లు అనుకోవాలని ఆశించలేను. పదేళ్ల కిందటి అభిప్రాయాన్ని పదేళ్ల కిందటిదిగా చూసే ఓపిక జనానికి ఉందనే నమ్ముతాను. అవమానానికి మాత్రం తేదీ ఎవరూ చూడరు.

తెలుగులో రాస్తే ఎవరు చదువుతారులే

తెలుగు లిపిలో వెతికితే బయటపడింది నా పాత బ్లాగు. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించిన కూడలి, జల్లెడ సైట్ల రోజులు గుర్తున్నవాళ్లకు ఆ ఉత్సాహం కొత్తగా చెప్పక్కర్లేదు. 2011లో 'మా మేనేజరు మహాత్ముడు' అని ఒక హాస్యం రాశాను. నలభై కామెంట్లు. ఆయన తమిళాయన, తెలుగు చదవడం రాదు, ఆ ధీమాతో ఆయన ఇంగ్లీషు ఉచ్చారణ మొదలు బట్టతల మీద దువ్వుకునే తీరు దాకా రాసేశాను. పేరు రాయలేదు, కానీ ఆ టీములో ఉన్న ఎవరికైనా మూడో లైనుకే తెలిసిపోతుంది.

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి తెలుగు వచ్చింది కూడా 2011లోనే. అప్పుడది చేసే అనువాదం చూసి మేమే నవ్వుకునేవాళ్లం. మొన్న ఆ పోస్టును బ్రౌజర్లో ఇంగ్లీషులోకి మార్చి చూశాను. నా హాస్యం చచ్చిపోయింది, వెటకారం మాత్రం అచ్చంగా దిగింది. బట్టతల దగ్గర ఒక్క తప్పు కూడా లేదు.

ఆయన నా అరవై రెండు పేర్ల షీటులో తొమ్మిదో మనిషి.

ఆ పోస్టును డ్రాఫ్టులోకి మార్చేశాను, బ్లాగర్లో అది రెండు నొక్కుళ్ల పని. మిగతా బ్లాగు అలాగే ఉంది, అందులో ఉన్న దారుణమైన కవితలతో సహా. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చూస్తే ఆ మేనేజరు పేజీ కాపీలు రెండున్నాయి. సైటు మనదైతే తీసేయమని వాళ్లకి మెయిలు రాయొచ్చు, రాయలేదు. ఆ అడ్రసు తెలిసి అక్కడిదాకా వెళ్లేవాడు ఉద్యోగం ఇచ్చే పని మీద వెళ్లడు. సెర్చిలో ఎదురయ్యేది వేరు, తవ్వితే దొరికేది వేరు. రెండోదాన్ని పూర్తిగా శుభ్రం చేయాలని కూర్చుంటే అంతు ఉండదు.

చట్టం ఏమైనా సాయం చేస్తుందా అని అడుగుతారు కొందరు. 2023లో వచ్చిన మన డేటా రక్షణ చట్టంలో చెరిపించుకునే హక్కు ఉంది. కానీ మనంతట మనం బహిరంగంగా పెట్టుకున్న సమాచారానికి ఆ చట్టమే వర్తించదని మూడో సెక్షన్లో ఉంది. అక్కడ ఇచ్చిన ఉదాహరణ కూడా బ్లాగు రాసే ఒకావిడ గురించే. చదివి నవ్వొచ్చింది.

రెండు చోట్ల నా వాదన ఆగిపోతుంది

మా అక్క కొడుకు కిందటేడు ఎఫ్-1 వీసాకి పెట్టుకున్నాడు. 2025 జూన్ నుంచి అమెరికా విద్యార్థి వీసాలవాళ్లను సోషల్ మీడియా ప్రొఫైళ్లను పబ్లిక్‌గా పెట్టమన్నారు, డిసెంబరు మధ్య నుంచి హెచ్-1బీ వాళ్లకూ అదే మాట. వాడు భయపడి, "పిన్నీ, అకౌంట్లు తీసేయనా?" అన్నాడు. డీఎస్-160 ఫారంలో గత ఐదేళ్లలో వాడిన అకౌంట్ల పేర్లు అడుగుతారు, తీసేసినంత మాత్రాన వాడలేదని రాయడానికి లేదు. నేను మాత్రం మొన్ననే పాతవన్నీ ఫ్రెండ్స్‌కి పరిమితం చేసుకుని హాయిగా ఉన్నాను. తాళం ఎప్పుడూ మన చేతిలోనే ఉంటుందనుకోవడం తప్పని వాడి వల్ల తెలిసింది. ఇక్కడ మా కుర్రాడి మాటకే బలం వస్తుంది, దాచడం కన్నా తీసేయడమే నయం అని. అవమానించే రాతల వరకు నేనూ ఒప్పుకున్నాను, అందుకే ఆ పదిహేడు కామెంట్లూ పూర్తిగా పోయాయి.

రెండోది మా చిన్నాన్న కూతురిది. తను ఎక్కడా పూర్తి పేరు పెట్టదు, ఫొటో బదులు మందార పువ్వు. కాలేజీలో ఒకడు రెండేళ్లు వెంటపడ్డాడు, ఊరు మారినా లింక్డిన్ చూసి ఆఫీసు కనుక్కున్నాడు. 'నాలుగు చోట్లా ఒకే పేరు, ఒకే ఫొటో' అని నేను చెప్తే తను, "అక్కా, నీ సలహా వాడికి బాగా పనికొస్తుంది," అంది. నా దగ్గర జవాబు లేదు. దొరక్కపోవడమే తనకు భద్రత. అలాంటివాళ్లు తమ గురించి తెలిసినవాళ్ల ద్వారానే ఉద్యోగాలు వెతుక్కుంటారు, సెర్చి బాక్సు వాళ్ల కోసం కాదు. నేను కూడా లింక్డిన్‌లోంచి పుట్టినరోజు, నంబరు తీసేశాను తను అన్న రోజునే.

ముప్పై ఏడో పేరు

మెసేజీలు మొదలుపెట్టాను. తొమ్మిదో ఆయనకి పెట్టాను, మర్యాదగా జవాబిచ్చారు, చదివారో లేదో నాకు తెలియదు, అడగను. షీటులో ముప్పై ఏడోది ఆ కామెంటు రాసిన అమ్మాయి. పదకొండేళ్లలో పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప మాటల్లేవు. ఉద్యోగం అడిగే మెసేజీలో ఆ విషయం ఎత్తడం అవకాశవాదంలా ఉంటుందా, ఎత్తకపోవడం ఇంకా పెద్ద అవకాశవాదమా అని రెండు రోజులు తేలలేదు. చివరికి ఉద్యోగం ఊసు లేకుండా, ఆ కామెంటు స్క్రీన్‌షాట్ పంపి, 'నా పోస్టు తీసేద్దామనుకుంటున్నాను, తీస్తే ఇది కూడా పోతుంది, నువ్వే చెప్పు' అని రాశాను.

సాయంత్రానికి జవాబొచ్చింది. "బాబోయ్, ఇంకా ఉందా అది. ఒక మధ్యాహ్నం అంతా కూర్చుని రాశాను తెలుసా, మూడుసార్లు ఏడ్చాను. స్క్రీన్‌షాట్ ఉంది కదా, ఇక పోస్టు తీసెయ్. మీ టీము సంగతి విన్నాను. రెజ్యూమే పంపు, మా దగ్గర డాక్యుమెంటేషన్‌లో ఒకటి ఖాళీ ఉంది. కానీ పేరు ఎలా పెట్టావో చూసి చెప్పు, మా పోర్టల్లో ఇప్పటికే ఇద్దరు సుజాతలున్నారు."